టూస్ మీద గీసిన నడక పాన్ షాట్‌లో వణుకుతోంది. సినిమా మొత్తం 24 బొమ్మలకు మార్చాలా?

లావణ్య_గీతలు
మూడు నిమిషాల సినిమా ఒక్కదాన్నే గీస్తున్నాను. బెంగళూరులో ఉద్యోగం. ఇంటికొచ్చి, తిని, తొమ్మిదిన్నరకు కూర్చుంటే పన్నెండు దాటేసరికి పాతిక బొమ్మలు శుభ్రంగా పూర్తవుతాయి. ఫైలు 24 ఫ్రేముల్లోనే పెట్టాను. ప్రతి బొమ్మనూ రెండు ఫ్రేముల పాటు ఉంచుతున్నాను, అంటే టూస్ మీద, సెకనుకు 12 బొమ్మలు. ఇప్పటికి 40 సెకన్లు, 480 బొమ్మలు అయ్యాయి.

నిన్న ఒక షాట్ ఆడించి చూసి గుండె జారిపోయింది. అల్సూర్ చెరువు పక్కన కంచె వెంబడి ఒక అమ్మాయి నడుస్తుంటుంది, కెమెరా ఆమెతో పాటే పక్కకు జరుగుతుంది. నాలుగు సెకన్లు. అందులో ఆమె కాళ్లు నేల మీద వణుకుతున్నాయి. అదే నడకను తెల్ల పేజీ మీద ఆడిస్తే ఏ లోపమూ లేదు! మా రూమ్మేట్ చూసి "12 బొమ్మలే కదా, అందుకే కుదుపు, అన్నీ 24 చెయ్" అంది.

అలా చేస్తే 2160 బొమ్మలు కాస్తా 4320 అవుతాయి. రాత్రికి పాతిక చొప్పున దాదాపు ఆరు నెలలు. చెయ్యమంటే చేస్తాను. కానీ అంతా చేశాక కూడా వణికితే ఏం చెయ్యాలో అని టెన్షన్.

నిద్రలేని_నాగ
మీ రూమ్మేట్ చెప్పిందే కరెక్ట్. బొమ్మలు ఎక్కువైతే స్మూత్, తక్కువైతే కుదుపు. ఓపిక ఉంటే అన్నీ 24 చెయ్యండి. లేదంటే ప్రాజెక్ట్‌నే 12 ఫ్రేముల్లో పెట్టుకోండి, చూడటానికి ఇప్పుడున్నట్టే ఉంటుంది, రెండేసి ఫ్రేములు పెట్టే పని తప్పుతుంది.

ఒంగోలు_ఫ్రేమ్స్
24 ఎందుకండీ, మన దగ్గర 25 కదా? నేను పెళ్లి వీడియోలు తీస్తాను. 25లో పెట్టి షట్టర్ 1/50 పెడితే మండపంలో ట్యూబ్‌లైట్లు మినుకుమనవు. వణుకు అంటున్నారంటే షట్టర్ చూసుకోండి.

రవి_కటౌట్
@ఒంగోలు_ఫ్రేమ్స్ అన్నా, ఆవిడ చేత్తో గీస్తోంది. షట్టరూ లేదు, ట్యూబ్‌లైటూ లేదు.

ఒంగోలు_ఫ్రేమ్స్
ఓహో, గీసేదా! నేను కెమెరా అనగానే నిజం కెమెరా అనుకున్నా. సరే, అయినా టీవీకి ఇచ్చేదైతే 25 అడుగుతారు, గుర్తుపెట్టుకోండి. 24లో చేసింది 25లో ఆడిస్తే నాలుగు శాతం వేగం పెరుగుతుంది, గొంతు కూడా కాస్త సన్నబడుతుంది.

పెన్సిల్_మామ
లావణ్యా, ఒక్క బొమ్మ కూడా ఇంకా గీయకు. ముందు ఇది చెప్పు. నడక ఎన్ని ఫ్రేములకు ఒక అడుగు? కెమెరా ఫ్రేముకు ఎంత జరుగుతోంది? కెమెరా కదలికను కూడా టూస్ మీద పెట్టావా, లేక ప్రతి ఫ్రేముకూ జరుగుతోందా?

లావణ్య_గీతలు
@పెన్సిల్_మామ సార్, 12 ఫ్రేములకు ఒక అడుగు, రెండడుగులకు 24, అదే సైకిల్. అందులో 12 బొమ్మలు ఉన్నాయి. అమ్మాయిని తెర మీద ఒకే చోట నడిపిస్తూ బ్యాక్‌గ్రౌండ్‌ను వెనక్కి లాగుతున్నాను. 1920 వెడల్పు తెర. అడుగు 96 పిక్సెళ్లు, కాబట్టి బ్యాక్‌గ్రౌండ్ ఫ్రేముకు 8 పిక్సెళ్లు. దానికి మొదట్లో ఒక కీ, చివర ఒక కీ పెట్టి వదిలేశాను, అంటే ప్రతి ఫ్రేముకూ జరుగుతున్నట్టే.

పెన్సిల్_మామ
అదీ సంగతి. 12 బొమ్మలు తక్కువై వణకడం లేదు. నీ నేల వన్స్ మీద, అంటే ప్రతి ఫ్రేముకూ నడుస్తోంది, నీ పాదం టూస్ మీద నడుస్తోంది. రెండూ ఒకదాన్నొకటి తాకి ఉన్నాయి కాబట్టి గొడవ పడుతున్నాయి. నేల మీద ఆనిన పాదాన్ని మాత్రమే తీసుకుని ఐదు ఫ్రేములు రాసి చూడు. ఎన్ని పిక్సెళ్లు వెనక్కి వెళ్లాయో లెక్క:

```
ఫ్రేము     1    2    3    4    5
నేల        0    8   16   24   32
పాదం       0    0   16   16   32
తేడా       0    8    0    8    0
```

రెండో ఫ్రేములో నేల 8 పిక్సెళ్లు వెనక్కి పోయింది, పాదం ఉన్నచోటే ఉంది. అంటే చెప్పు నేల మీద ముందుకు జారింది. మూడో ఫ్రేములో పాదం ఒకేసారి 16 వెనక్కి దూకి మళ్లీ తన చోటికి వచ్చింది. జారడం, దూకడం, సెకనుకు 12 సార్లు. నువ్వు చూస్తున్న వణుకు అదే.

తెల్ల పేజీ మీద ఎందుకు బాగుందంటే, అక్కడ పాదానికి పోటీగా కదిలే నేల లేదు. ఆ 480 బొమ్మల్లో కెమెరా కదలని షాట్లన్నీ అలాగే ఉంచు. వాటిని ముట్టుకోకు.

నిద్రలేని_నాగ
ఇది నాకు తట్టలేదు. అయితే నేను చెప్పినట్టు ప్రాజెక్ట్ 12లో పెడితే బ్యాక్‌గ్రౌండ్ కూడా 12లోనే కదులుతుంది కదా? గొడవే ఉండదు.

బ్లెండర్_బాబు
నాగ చెప్పింది సగం పని చేస్తుంది. ప్రాజెక్ట్ మార్చక్కర్లేదు, కెమెరాను కూడా టూస్ మీద పెట్టేస్తే చాలు. 3డీలో నాకు ఇదే వచ్చింది. బ్లెండర్‌లో మనిషి కీలకు గ్రాఫ్ ఎడిటర్‌లో `Stepped Interpolation` మాడిఫైయర్ వేసి `Step Size` 2 పెట్టాను, కెమెరాకు వేయలేదు. మనిషి మొత్తం తెర మీద ముందుకూ వెనక్కూ ఊగాడు. పాదం కాదు, మొత్తం మనిషి! కాబట్టి లావణ్య గారిదీ నాదీ వేరే సమస్యలేమో.

పెన్సిల్_మామ
@బ్లెండర్_బాబు రెండూ ఒకటే నాయనా. నీ మనిషి నిజంగా నేల మీద ముందుకు పోతున్నాడు, కెమెరా వెంబడిస్తోంది. కాబట్టి వాడు నేలకు సరిగ్గా ఉన్నాడు, తెరకు ఊగాడు. లావణ్య అమ్మాయి తెరకు కట్టేసి ఉంది, కాబట్టి తెరకు సరిగ్గా ఉంది, నేలకు జారింది. ఆ 8 పిక్సెళ్ల తేడాను ఎటు తోసినా ఎక్కడో ఒకచోట కనబడుతుంది. నువ్వు మనిషిని మొత్తంగా జరిపే రూట్‌ను మాత్రం వన్స్ మీద వదిలి, పోజులను టూస్ మీద ఉంచి చూడు. ఊగడం పోయి పాదం జారడం మొదలవుతుంది.

బ్లెండర్_బాబు
ఇప్పుడే చేసి చూశా. నిజమే, జారుతోంది.

లావణ్య_గీతలు
కెమెరాను టూస్ మీద పెట్టి చూశాను. కాళ్లు కుదిరాయి, పాదం నేలకు అతుక్కుంది. కానీ ఇప్పుడు కంచె భయంకరంగా మినుకుమంటోంది. కంచె కడ్డీలు ఎటు కదులుతున్నాయో కూడా తెలియట్లేదు. కళ్లు లాగేస్తున్నాయి.

పెన్సిల్_మామ
కడ్డీకీ కడ్డీకీ మధ్య ఎంత?

లావణ్య_గీతలు
32 పిక్సెళ్లు.

పెన్సిల్_మామ
కెమెరా టూస్ మీద ఉంటే ఒక్కో గెంతుకు 16. అంటే సరిగ్గా ఖాళీలో సగం. కడ్డీ ముందుకు పోయిందో వెనక్కి పోయిందో కంటికి తేల్చుకునే వీలు లేదు, రెండు వైపులకూ దూరం ఒకటే. అందుకే ఒకే చోట వెలిగి ఆరుతున్నట్టు ఉంది. వన్స్ మీద అయితే గెంతు 8, ఖాళీలో నాలుగో వంతు, కన్ను తేలిగ్గా వెంబడిస్తుంది. కంచె తీసేసి ఒట్టి ఆకాశం, నీళ్లు పెట్టి ఉంటే కెమెరా టూస్ మీద పెట్టినా నడిచిపోయేదేమో. నిలువు గీతలున్న చోట మాత్రం ఆ పని చెయ్యకు.

నాగకు కూడా ఇదే జవాబు. ప్రాజెక్ట్ 12లో పెడితే కదలని షాట్లలో తేడా ఏమీ ఉండదు, అంతవరకు నువ్వన్నది సరే. కానీ పాన్ అవసరమైన రోజున వన్స్ అనేది నీ చేతిలోనే ఉండదు. 24లో పెట్టుకుని టూస్ గీసుకుంటే ఏ షాట్‌కు ఆ షాట్ నిర్ణయించుకోవచ్చు.

చెన్నై_శేషు
చదువుతుంటే పాత రోజులు గుర్తొచ్చాయి. 90ల చివర్లో చెన్నైలో, వడపళని దగ్గర ఒక చోట విదేశీ సీరియళ్లకు ఇన్‌బిట్వీన్లు గీసేవాణ్ణి. ఏ బొమ్మ ఎన్ని ఫ్రేములు ఉండాలో, కెమెరా ఎలా జరగాలో రాసే ఎక్స్‌పోజర్ షీట్‌లో మాకు టూస్ అని రాసి వచ్చేది, అలాగే గీసి పంపేవాళ్లం. ఒకసారి ఒక కుర్రాడు గోడ వెంట పరిగెత్తే పాన్ సీన్ తిరిగొచ్చింది, పాదాల దగ్గర ఎర్ర పెన్సిల్‌తో చుట్టి. మేము గీతలు తప్పనుకుని అవే బొమ్మలు రెండు సార్లు మళ్లీ గీశాం. రెండు సార్లూ తిరిగొచ్చింది. మూడోసారి ఒక పెద్దాయన షీట్ తీసుకుని కెమెరా కాలమ్ మీద వేలు పెట్టి చూపించారు, పాన్ వన్స్ మీద ఉందని. బొమ్మల్లో తప్పు లేదు, షీట్‌లో ఉంది. మూడు వారాలు పోయాయి.

పెన్సిల్_మామ
శేషు గారూ, మీరు చెప్పిన ఎర్ర చుట్టలు నాకూ వచ్చాయి.

మీ పరుగు సీన్‌లో ఇంకో కారణం కూడా ఉండి ఉంటుంది. పరుగులో అడుగుకు ఆరు ఫ్రేములే అనుకుంటే టూస్ మీద మూడు బొమ్మలే మిగులుతాయి. మూడు బొమ్మలతో కాలు ఎటు పోయి ఎటు వచ్చిందో చెప్పలేం. పాన్ ఉన్నా లేకపోయినా దాన్ని వన్స్ మీదే గీయాలి.

కోరమంగళ_కీర్తి
2018 స్పైడర్-వర్స్ సినిమాలో అడవిలో ఊగే చోట కుర్రాడు మైల్స్ టూస్ మీద, అనుభవం ఉన్న పీటర్ వన్స్ మీద ఉంటారు కదా, ఒకే షాట్‌లో. అక్కడ కెమెరా కూడా పోతూనే ఉంటుంది. మరి అది తప్పు కాదు కదా?

పెన్సిల్_మామ
తప్పు కాదు. మైల్స్‌కు ఇంకా చేతకావట్లేదని చెప్పడానికే అలా చేశారు. పైగా వాళ్లు గాలిలో ఊగుతున్నారు, పాదం నేల మీద ఆని లేదు. గాలిలో ఉన్నవాడు 8 పిక్సెళ్లు అటూ ఇటూ అయినా పోల్చుకోవడానికి పక్కన నేల లేదు. దానికి వ్యతిరేకమైన ఉదాహరణ కావాలంటే 1988లో వచ్చిన రోజర్ రాబిట్ సినిమా. నిజం మనుషులతో తీసిన, కెమెరా తిరుగుతున్న షాట్లలోకి బొమ్మలు పెట్టారు. ఆ బొమ్మలు నిజం గదిలో, నిజం నేల మీద నిలబడాలి. అందుకే వన్స్ మీద గీశారు.

నిద్రలేని_నాగ
అయితే చివరికి ఈ షాట్ వన్స్ చెయ్యాల్సిందే కదా? 96 ఫ్రేములు, 96 బొమ్మలు. నాలుగు రాత్రులు.

రవి_కటౌట్
కాదు నాగా, అది సైకిల్! 24 ఫ్రేములకు ఒకసారి మళ్లీ మొదటికి వస్తుంది. ఇప్పుడు 12 బొమ్మలు ఉన్నాయి, వన్స్‌కు 24 కావాలి. కొత్తగా గీయాల్సినవి 12 మాత్రమే. అవే నాలుగు సార్లు తిరుగుతాయి. ఒక రాత్రిలో సగం.

నేనైతే అది కూడా గీయను. వైట్‌ఫీల్డ్‌లో కటౌట్ పని చేస్తాను, మాకు కాళ్లు వేరే లేయర్. కాళ్లు మాత్రం వన్స్, నడుము పైనంతా టూస్. నడక ఒకే చోట జరుగుతోంది కాబట్టి ఒళ్లు తెర మీద పక్కకు కదలదు, కాస్త పైకీ కిందికీ లేస్తుంది అంతే. నేలను తాకేది పాదమే.

చెన్నై_శేషు
అక్కడే నాకు నచ్చదు. ఒళ్లు పైకి లేవడం టూస్ మీద, కాలు వన్స్ మీద అయితే నడుము దగ్గర అతుకు ఒక ఫ్రేము కుదిరి ఒక ఫ్రేము కుదరదు. మోకాలు టక్కుమని నిటారైనట్టు కనబడుతుంది. ఒక మనిషి పైభాగం, ఇంకొకరి కాళ్లు అన్నట్టుంటుంది.

రవి_కటౌట్
ప్యాంటు, టక్ చేసిన చొక్కా అయితే మీరన్నది నిజం. ఆ అమ్మాయి ఏం వేసుకుంది?

లావణ్య_గీతలు
మోకాళ్ల దాకా కుర్తా, లెగ్గింగ్స్, భుజానికి సంచి.

రవి_కటౌట్
కుర్తా అంచు అతుకును కప్పేస్తుంది. దిగులు లేదు.

పద్మజ_స్కెచ్
మధ్యలో వస్తున్నాను, క్షమించండి. ఇంత గొడవ ఎందుకు, కెమెరాను ఆపేయొచ్చు కదా? నాలుగు సెకన్లలో ఆమె నడిచేది ఎనిమిది అడుగులు, 768 పిక్సెళ్లు. తెర 1920. ఎడమ నుంచి కుడికి నడిచి పోనివ్వండి. టూస్ చక్కగా సరిపోతుంది.

లావణ్య_గీతలు
@పద్మజ_స్కెచ్ అక్కా, మొదట అలాగే అనుకున్నాను. కానీ ఆమె ఇంటికి వెళ్లాలా వద్దా అని తేల్చుకోలేక నడుస్తోంది. ఎంత నడిచినా తెరలో అదే చోట ఉండటం, కంచె మాత్రం వెనక్కి పోతూ ఉండటం నాకు కావాలి. ఆ పాన్ పోతే షాటే పోతుంది.

పద్మజ_స్కెచ్
అలాగైతే పాన్ ఉంచమ్మా. దానికోసం పన్నెండు బొమ్మలు గీయొచ్చు.

కోరమంగళ_కీర్తి
ఒక సందేహం. వన్స్ ఎప్పుడూ ఎక్కువ స్మూత్ కదా, టైమ్ ఉంటే మిగతా షాట్లు కూడా చేసుకుంటే నష్టమేంటి?

పెన్సిల్_మామ
నష్టం ఉంది. ఆమె కూర్చుని ఆలోచించే షాట్ అనుకో, తల నెమ్మదిగా తిరుగుతుంది. టూస్ మీద ఉన్న ప్రతి రెండు బొమ్మల మధ్య ఇంకోటి ఇరికిస్తే బొమ్మకూ బొమ్మకూ మధ్య గీత వెడల్పు అంత దూరం కూడా ఉండదు. చేత్తో గీసిన గీత ఎప్పుడూ సరిగ్గా అక్కడే పడదు కాబట్టి తల తిరగడం కన్నా గీత బుసబుసలాడటమే ఎక్కువ కనబడుతుంది. పైగా అన్ని ఖాళీల్లోనూ సరిగ్గా మధ్యలో ఒకటి పెట్టుకుంటూ పోతే కదలికలో ఉన్న బిగువు కరిగిపోయి నీళ్లలో తేలుతున్నట్టు అవుతుంది.

లావణ్య_గీతలు
నిన్న రాత్రి చేశాను! రవి గారు చెప్పినట్టు కాళ్లు విడదీసి, కాళ్లకు మాత్రం 12 కొత్త బొమ్మలు. బ్యాక్‌గ్రౌండ్ మళ్లీ వన్స్ మీదకు తెచ్చాను. కంచె మినుకుమనడం పోయింది. వణుకు దాదాపు పోయింది. కానీ ప్రతి అడుగులోనూ ఒక్కసారి, పాదం లేవడానికి కాస్త ముందు, చిన్న జారుడు ఇంకా ఉంది. వన్స్ మీద కూడా జారుతుందా?

పెన్సిల్_మామ
జారుతుంది, అది వేరే కారణం. నేల మీద పాదం పక్కనే ఒక గులకరాయి గియ్యి, బ్యాక్‌గ్రౌండ్ లేయర్ మీదే. చెప్పు కొన ఎదురుగా ఉండాలి. ఇప్పుడు ఫ్రేము ఫ్రేముగా బాణం నొక్కుతూ వెళ్లు. పాదం ఆని ఉన్నంతసేపూ కొనకూ రాయికీ మధ్య దూరం మారకూడదు. ఎక్కడ మారిందో అక్కడ తప్పు.

లావణ్య_గీతలు
దొరికింది! తొమ్మిదో ఫ్రేము వరకు సరిగ్గా 8 చొప్పున పోతోంది. పదిలో 5 మాత్రమే పోయింది, పదకొండులో 11. ఆ పదో బొమ్మ కంటితో చూసి మధ్యలో పెట్టాను, పాదం ఆగబోతోంది కదా అని కాస్త నెమ్మది చేశాను.

పెన్సిల్_మామ
పాదం ఆగడం లేదమ్మా, అది నేల మీద ఎప్పుడో ఆగే ఉంది. తెర మీద వెనక్కి పోతున్నది నేల. నేల ఎంత సమంగా పోతే ఆనిన పాదమూ అంతే సమంగా పోవాలి. మడమ లేవచ్చు, వేళ్లు వంగొచ్చు, నేలను తాకిన చోటు మాత్రం నేలతోనే పోవాలి. నెమ్మది చెయ్యడం, విసరడం అన్నీ పాదం గాలిలోకి లేచాక.

లావణ్య_గీతలు
ఆ ఒక్క బొమ్మ 3 పిక్సెళ్లు వెనక్కి జరిపాను. రాయి కదలట్లేదు. సంచి, జడ టూస్ మీదే ఉన్నాయి, నాకైతే తేడా తెలియట్లేదు.

చెన్నై_శేషు
పెట్టిన క్లిప్ చూశాను. కాళ్లు బాగున్నాయి. కానీ అడుగు మధ్యలో ఒళ్లు పైకి లేచే చోట నాకు ఇంకా కనబడుతోంది, కుర్తా అంచు కింద మోకాలు ఒక ఫ్రేము ముందే పోతోంది. పన్నెండు ఒళ్ల బొమ్మలు కూడా గీసేయమ్మా, ఒక్క సాయంత్రం పని.

రవి_కటౌట్
సార్, అది ఆపి ఆపి చూస్తే కనబడుతుంది. మామూలుగా ఆడిస్తే నాకు కనబడలేదు, మా ఆఫీసులో ఇద్దరికి చూపించాను, వాళ్లకూ కనబడలేదు.

చెన్నై_శేషు
నేను ఆపకుండానే చూశాను రవీ. అలవాటైన కన్ను కావచ్చు.

లావణ్య_గీతలు
ఇద్దరూ అన్నాక రెండు రకాలూ చేసి పక్కపక్కన పెట్టి చూస్తాను. ఇంకో విషయం అడగాలి. ఈ షాట్ చివర ఆమె ఆగిపోతుంది, కెమెరా కూడా మెల్లగా ఆగుతుంది. ఆగాక మళ్లీ టూస్‌కు రావాలి. ఏ ఫ్రేము దగ్గర మారాలి? మారిన చోటు తెలిసిపోతుందా?

పెన్సిల్_మామ
కెమెరా ఆగేటప్పుడు ఫ్రేముకు 8 కాస్తా 6, 4, 2 అవుతుంది. నీ చివరి అడుగు పాదం కూడా అవే అంకెలతో పోవాలి, అక్కడ సైకిల్ వాడలేవు, కొత్తగా గీయాలి. 2 దాకా వచ్చాక టూస్‌కు మారితే జారేది 2 పిక్సెళ్లే, నీ గీతే అంతకన్నా లావుంటుంది. నేనైతే అక్కడ మారతాను.

బ్లెండర్_బాబు
నేనైతే కెమెరా పూర్తిగా ఆగేదాకా ఉంటాను. ఆగాక ఆమె కళ్లు ఆర్పే చోట మారితే ఎవరికీ తెలియదు.

లావణ్య_గీతలు
కళ్లు ఆర్పే బొమ్మ అక్కడ ముందే ఉంది, కెమెరా ఆగిన నాలుగు ఫ్రేములకు. శనివారం రెండు చోట్లా మార్చి చూసి ఇక్కడే పెడతాను. శేషు గారి ఒళ్ల బొమ్మలు కూడా అప్పటికి అయిపోతాయి.